ఇన్వెస్టర్లకు పంపే నెలవారీ మెయిల్: మా మే నెల డ్రాఫ్ట్ చూసి చెప్పగలరా?

పర్లాకిమిడి జీడిపిక్క

అందరికీ నమస్కారం. నేనూ నా స్నేహితుడూ కలిసి పర్లాకిమిడిలో చిన్న జీడిపప్పు యూనిట్ నడుపుతున్నాం. మా గజపతి జిల్లా కొండల్లో పండే పిక్కలు ఎక్కువగా పలాస వెళ్లిపోతాయి. వాటిని ఇక్కడే కొట్టించి, ఇక్కడి ఆడవాళ్లకు పని కల్పించి, పప్పును మిఠాయి దుకాణాలకూ ఆన్‌లైన్‌లోనూ అమ్మాలని మొదలుపెట్టాం. పద్నాలుగు నెలల కిందట తొమ్మిది మంది దగ్గర 85 లక్షలు తీసుకున్నాం. వాళ్లలో బరంపురం డాక్టర్లు ఉన్నారు, హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ వాళ్లు ఉన్నారు, మా మేనమామ కూడా ఉన్నాడు.

ప్రతి నెలా పదో తేదీలోపు వాళ్లకు మెయిల్ పెడతామని మాటిచ్చాం. మార్చి, ఏప్రిల్‌లలో పిక్కల సీజన్ హడావిడిలో పెట్టలేకపోయాం. ఇప్పుడు మే నెలది రాశాను:

"అందరికీ నమస్కారం. మే నెల చాలా బాగా గడిచింది. అమ్మకాలు 5.2 లక్షల నుంచి 6.8 లక్షలకు, అంటే 31 శాతం పెరిగాయి. విశాఖలో కొత్త మిఠాయి దుకాణం ఆర్డర్ వచ్చింది. సీజన్ పిక్కలు 200 బస్తాలు కొన్నాం. బ్యాంకులో 19.5 లక్షలు ఉన్నాయి, నెల ఖర్చు 2.9 లక్షలు కాబట్టి ఆరున్నర నెలలకు పైగా ఢోకా లేదు. కొన్ని చిన్న చిన్న సమస్యలు ఉన్నాయి, చూసుకుంటున్నాం. మీకు తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే మాకు పరిచయం చేయండి."

రెండు నెలలు రాయలేదు కాబట్టి మంచి కబురుతో మొదలుపెడదామనుకున్నాను. సరిపోతుందా?

రాయగడ కుర్రాడు

బాగుంది అన్నా. ఒక్కటే చెప్తాను. ఏప్రిల్ ఆఖరుకి బ్యాంకులో ఎంత ఉంది? అది రాయకపోతే అడుగుతారు. నేను పనిచేసిన కంపెనీలో ప్రతి మెయిల్‌లోనూ పోయిన నెల, ఈ నెల పక్కపక్కనే పెట్టేవాళ్లం.

పర్లాకిమిడి జీడిపిక్క

ఏప్రిల్ ఆఖరుకి 38 లక్షలు తమ్ముడూ. 18.5 లక్షలు తగ్గింది. అందులో 15.6 లక్షలు పిక్కలకే పోయాయి. బస్తా 80 కిలోలు, 10,400 చొప్పున 150 బస్తాలకు డబ్బు కట్టాం. మిగతా 50 బస్తాలు అరువు, జూన్ 20కి ఇవ్వాలి. పిక్కల డబ్బు తీసేస్తే మిగిలింది 2.9. దాన్నే నెల ఖర్చు అని రాశాను.

రాయగడ కుర్రాడు

అయితే కరెక్టే. సరుకు కొనడం ఖర్చు కింద రాదు, అది గోడౌన్‌లో ఆస్తిగా ఉంటుంది. 19.5ని 2.9తో భాగిస్తే 6.7 నెలలు. టెన్షన్ అక్కర్లేదు.

గుణుపురం లెక్కలు

ఇక్కడ ఆగండి. రాయగడ తమ్ముడు చెప్పినదాంట్లో సగం నిజం ఉంది. సరుకు కొనడాన్ని నెల ఖర్చులో కలిపి "నెలకు 18 లక్షలు పోతున్నాయి" అని రాస్తే ఇన్వెస్టర్లు ఊరికే భయపడతారు. అందుకని దాన్ని విడదీయడం మంచిదే. కానీ విడదీశాక అది లెక్కలోంచి మాయమైపోకూడదు.

పర్లాకిమిడి బాబూ, నెలకు ఎన్ని బస్తాలు కొట్టిస్తారు? మే నెలలో అమ్మిన 6.8 లక్షల్లో చేతికి వచ్చింది ఎంత? అందులో వాపసు వచ్చింది ఏమైనా ఉందా?

పర్లాకిమిడి జీడిపిక్క

నెలకు 40 బస్తాలు అండీ. మే నెలలో చేతికి వచ్చింది 3.4 లక్షలు. కూలి, అద్దె, కరెంటు, ప్యాకింగ్, కొరియర్, మా ఇద్దరి జీతం అన్నీ కలిపి 6.3 లక్షలు అయింది. అలా 2.9 తేలింది.

వాపసు అంటే... విశాఖ ఆర్డర్ మే 29న పంపాం. జూన్ 3న 90 వేల సరుకు తిరిగి వచ్చింది. పప్పు మెత్తబడిందన్నారు. అది జూన్‌లో జరిగింది కదా అని మే నెలలో తీసెయ్యలేదు.

గుణుపురం లెక్కలు

సరే, లెక్క వేద్దాం. నేను బెంగళూరులో పదేళ్లు ఇదే పని చేసి ఇప్పుడు ఇంటి దగ్గర నుంచి నాలుగు చిన్న కంపెనీల పద్దులు చూస్తున్నాను. ఈ పొరపాటు ప్రతి చోటా కనిపిస్తుంది, ముఖ్యంగా సీజన్ సరుకు మీద నడిచే వాటిలో.

ముందు అమ్మకాలు. వాపసు వచ్చిన సరుకు మే బిల్లుదే. మెయిల్ ఇంకా పంపలేదు, విషయం మీకు తెలుసు. కాబట్టి మే అమ్మకాలు 5.9 లక్షలు, పెరుగుదల 13 శాతం. 31 అని రాసి వచ్చే నెల తగ్గించి చూపిస్తే, ఆ తర్వాత మీరు రాసే ఏ అంకెనైనా అనుమానంగానే చదువుతారు.

ఇప్పుడు ఆరున్నర నెలల సంగతి. మీ 2.9 లక్షల్లో పిక్కల ఖర్చు ఒక్క రూపాయి కూడా లేదు. గోడౌన్‌లో పిక్కలు ఉన్నన్నాళ్లే ఆ అంకె నిలుస్తుంది. 200 బస్తాల్లో మే నెలకు 40 అయిపోయాయి, 160 ఉన్నాయి. నెలకు 40 చొప్పున సెప్టెంబర్ ఆఖరుకి ఖాళీ. బ్యాంకులో ఉన్న 19.5లో 5.2 మీది కాదు, జూన్ 20న అరువు వాళ్లకు పోతుంది. మిగిలేది 14.3. జూన్ నుంచి సెప్టెంబర్ వరకు నాలుగు నెలలకు 2.9 చొప్పున 11.6 పోతే సెప్టెంబర్ 30 సాయంత్రం బ్యాంకులో ఉండేది 2.7 లక్షలు. గోడౌన్‌లో ఒక్క బస్తా ఉండదు. అక్టోబర్‌లో సీజన్ కాదు కాబట్టి బస్తా 12 వేలు అనుకున్నా 40 బస్తాలకు 4.8 లక్షలు కావాలి. మీ దగ్గర ఉండవు. సరిగ్గా దీపావళి ఆర్డర్లు వచ్చే సమయం అది.

అంటే మీకున్నది ఆరున్నర నెలలు కాదు, నాలుగు.

ఇంకొకటి కూడా చూడండి. నగదు పక్కన పెట్టి లాభనష్టాలు చూస్తే, 5.9 అమ్మారు, అందులో వాడిన పిక్కలు 4.2, మిగతా ఖర్చులు 6.3. నెలకు 4.6 లక్షల నష్టం. బ్యాంకులో 2.9 మాత్రమే తగ్గినట్టు ఎందుకు కనిపించిందంటే, వాడిన 4.2 లక్షల పిక్కలకు డబ్బు వేరే పద్దులో చూపించారు, అమ్మినదాంట్లో 2.5 లక్షలు ఇంకా చేతికి రాలేదు. 4.6కి 2.5 కలిపి 4.2 తీసేస్తే మీ 2.9 వస్తుంది. ఈ రెండు అంకెలూ, 2.9, 4.6, ప్రతి నెలా ఒకే వరుసలో, ఒకే పేరుతో రాయండి. ఒక నెల ఒకటి, ఇంకో నెల ఇంకొకటి రాయొద్దు.

పర్లాకిమిడి జీడిపిక్క

చేతిలో కాగితం పెట్టుకుని రెండుసార్లు వేశాను. మీరు చెప్పిందే వస్తోంది. నా స్నేహితుడికి చూపిస్తే వాడూ కాసేపు మాట్లాడలేదు. మేమిద్దరం నిజంగానే ఆరు నెలలు ఉందనుకుంటున్నాం. ఎవరినీ మోసం చేద్దామని రాయలేదు.

సిరొంచ మిర్చి రైతు

నాకు అర్థమైనంతవరకు మీరు బ్యాంకుకు ఇచ్చే స్టాక్ స్టేట్‌మెంట్ గురించి అడుగుతున్నారు. మేం ఇక్కడ గడ్చిరోలి జిల్లాలో మిర్చి కొని అమ్ముతాం, సరుకు మీద బ్యాంకు అప్పు తీసుకునే సీసీ లిమిట్ ఉంది. నెల నెలా గోడౌన్‌లో ఎన్ని బస్తాలున్నాయో రాసిస్తే దాని మీద 25 శాతం మార్జిన్ తీసేసి వాడుకోనిస్తారు. మెయిల్ అవసరం లేదు, మేనేజర్ ఫారమ్ ఇస్తాడు.

గుణుపురం లెక్కలు

సిరొంచ అన్నా, ఆయన అడిగేది వాటా తీసుకున్నవాళ్లకు రాసే ఉత్తరం గురించి. కానీ మీరు చెప్పింది పనికొచ్చే మాటే. 160 బస్తాల్లో అరువు తీరని 50 పోగా డబ్బు కట్టిన సరుకు 110 బస్తాలు, 11.4 లక్షలు. 25 శాతం మార్జిన్ పోతే ఎనిమిదిన్నర లక్షల దాకా రావొచ్చు. అయితే ఒక చిక్కు. నెలకు 40 బస్తాలు తగ్గుతుంటే లిమిట్ వాడుకునే హక్కూ తగ్గుతూ పోతుంది. డబ్బు బాగా కావలసిన అక్టోబర్‌కి సరుకే ఉండదు కాబట్టి బ్యాంకు ఇచ్చేదీ ఉండదు. వచ్చే ఏప్రిల్ కొనుగోలుకు ఇది సరైన దారి. ఈ అక్టోబర్‌కి కాదు.

బరంపురం డాక్టరమ్మ

నేను డబ్బు పెట్టే వైపు మనిషిని. ఈ బాబు కంపెనీలో కాదు, వేరే మూడు చిన్న కంపెనీల్లో తలా కొంత పెట్టాను. మెయిల్ వచ్చాక నేను ఎలా చదువుతానో చెప్తాను, మీకు ఉపయోగపడొచ్చు.

నేను ఓపీ అయ్యాక, రాత్రి భోజనానికి ముందు ఫోన్‌లో చదువుతాను. మొదటి నాలుగు లైన్లలో బ్యాంకులో ఎంత ఉంది, ఎన్ని నెలలు వస్తుంది, నా నుంచి ఏం కావాలి అన్నది కనిపిస్తే మిగతాది కూడా చదువుతాను. "చాలా బాగా గడిచింది" అని మొదలైతే కిందకి జరిపి "సమస్యలు" అన్న చోట ఆగుతాను. "చిన్న చిన్న సమస్యలు, చూసుకుంటున్నాం" అని ఉంటే ఆ రాత్రే నాకు అనుమానం మొదలవుతుంది. రోగి వచ్చి "కొంచెం నలతగా ఉందమ్మా" అని ఊరుకుంటే నేనేం మందు రాయను? ఎక్కడ, ఎన్నాళ్లుగా, జ్వరం ఎంత అని చెప్పాలి కదా.

ఇంతకీ పప్పు ఎందుకు మెత్తబడింది బాబూ?

పర్లాకిమిడి జీడిపిక్క

బోర్మా పొయ్యిలో ఎండబెట్టిన పప్పును తొక్క తీశాక వెంటనే ప్యాక్ చెయ్యాలమ్మా. 29న లారీ అందుకోవాలని తొందరపడి, రెండు రోజులు గోనెపట్టా మీద ఆరబోసిన సరుకును మళ్లీ వేడి చెయ్యకుండా డబ్బాల్లో పోశారు. గాలిలో తేమ పీల్చేసింది. పప్పులో తేమ 5 శాతం దాటకూడదు. తిరిగొచ్చిన డబ్బా ఒకటి పలాసలో తెలిసినవాళ్ల మీటర్ మీద పెడితే 7 చూపించింది. మాకు సొంత తేమ మీటర్ లేదు. వేలితో విరిచి చూస్తాం, టక్కున విరిగితే బాగున్నట్టు.

బరంపురం డాక్టరమ్మ

ఇదే రాయి బాబూ. యథాతథంగా ఇదే రాయి. ఏం జరిగిందో, ఎందుకు జరిగిందో, ఎంత పోయిందో, ఏం కొంటున్నావో ఉంది ఇందులో. ఇది చదివితే నీకు నీ పని తెలుసని నాకు అర్థమవుతుంది.

జయపురం కాఫీ

నా అనుభవం చెప్తాను. కొరాపుట్ కాఫీ ప్యాకెట్లు అమ్మేదాన్ని. ఒక పెద్ద కొనుగోలుదారు డబ్బు ఆపేశాడు, అది రాయడానికి సిగ్గేసి నాలుగు నెలలు మెయిల్ పెట్టలేదు. వసూలయ్యాక మంచి కబురుతో కలిపి రాద్దామనుకున్నాను. వసూలు కాలేదు. జీతాలకు డబ్బులేని వారం ఆరుగురికీ ఫోన్ చేశాను. ఒకాయన అన్న మాట ఇప్పటికీ గుర్తుంది: "అమ్మా, ఆ షాపు ఓనర్ మా తోడల్లుడే. ఫిబ్రవరిలో చెప్పి ఉంటే మాట్లాడేవాణ్ని కదా." అప్పటికి ఆ షాపు మూసేశారు.

పర్లాకిమిడి తమ్ముడూ, నీకూ ఎవరైనా బాకీ ఉన్నారా? డ్రాఫ్ట్‌లో ఆ ఊసే లేదు.

పర్లాకిమిడి జీడిపిక్క

ఉన్నారక్కా. హైదరాబాద్‌లో ఒక పెద్ద కొనుగోలుదారు 4.1 లక్షలు ఇవ్వాలి. బిల్లు వేసి 80 రోజులైంది. ఫోన్ ఎత్తుతారు, వచ్చే వారం అంటారు.

రాయగడ కుర్రాడు

45 రోజులు దాటితే చట్టం ఉంది అన్నా! చిన్న యూనిట్‌గా ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉంటే వడ్డీతో సహా కట్టాల్సిందే. ఆర్‌బీఐ బ్యాంకు రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ. ఆ 4.1ని నిశ్చింతగా లెక్కలో కలుపుకో.

గుణుపురం లెక్కలు

తమ్ముడూ, చట్టం ఉన్న మాట నిజం. రాతపూర్వక ఒప్పందం ఉంటే గడువు 45 రోజులు దాటకూడదు, లేకపోతే 15 రోజులే. కానీ అది దానంతటది డబ్బు తెచ్చిపెట్టదు. ప్రభుత్వ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టాలి, ఇలాంటి బాకీల తగాదాలు చూసే కౌన్సిల్ ముందుకు వెళ్లాలి, రాజీ కుదరకపోతే ఆర్బిట్రేషన్. ఆ కొనుగోలుదారుతో వ్యాపారం ముగిసినట్టే అనుకోవాలి. దానికంటే ముందు వాడదగ్గ మాట ఒకటి ఉంది. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలో 43బి(హెచ్) అనే నిబంధన 2024 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చింది. సూక్ష్మ, చిన్న యూనిట్లకు గడువులో కట్టని డబ్బును కొనుగోలుదారు ఖర్చుగా చూపించుకోలేడు, కట్టిన సంవత్సరంలోనే చూపించుకోవాలి. వాళ్ల అకౌంట్స్ మనిషికి ఇది మర్యాదగా గుర్తుచేస్తూ మీ ఉద్యమ్ సర్టిఫికెట్ జతచేయండి. మీరు తయారీదారుగా నమోదై ఉండాలి, ట్రేడర్‌గా నమోదైతే ఇది వర్తించదు, చూసుకోండి.

ఏమైనా ఆ 4.1ని నాలుగు నెలల లెక్కలో కలపొద్దు. "వస్తే దాదాపు ఇంకో నెల కలుస్తుంది" అని విడిగా ఒక వాక్యం రాయండి. ఇంకో జాగ్రత్త: తొమ్మిది మందికి వెళ్లే మెయిల్‌లో ఆ కొనుగోలుదారు పేరు రాయొద్దు. మెయిల్ ఎవరెవరికి ఫార్వర్డ్ అవుతుందో మన చేతిలో ఉండదు. మీ హైదరాబాద్ ఇన్వెస్టర్లలో ఎవరికైనా వాళ్లు తెలిసి ఉండొచ్చనిపిస్తే ఆ ఒక్కరికి ఫోన్‌లో చెప్పండి.

బరంపురం డాక్టరమ్మ

"తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే పరిచయం చేయండి" అన్నదాని గురించి కూడా. ఈ వాక్యం ప్రతి మెయిల్‌లోనూ ఉంటుంది. చదివితే నాకు ఎవరూ గుర్తురారు. ఎవరిని, ఎందుకు, ఎప్పటిలోగా అని చెప్తే మనిషి గుర్తొస్తాడు. నీ దగ్గర ఇప్పుడు అమ్ముడుపోక ఆగింది ఏముంది?

పర్లాకిమిడి జీడిపిక్క

బద్ద ఉందమ్మా. గుండు పప్పు అమ్ముడైపోతుంది, కొట్టేటప్పుడు విడిపోయిన బద్దా, ముక్కా మిగిలిపోతున్నాయి. 340 కిలోలు ఉంది. రెండు లక్షలకు పైగా సరుకు.

బరంపురం డాక్టరమ్మ

చూశావా, ఈ మాట నాకు మెయిల్‌లో వచ్చి ఉంటే బరంపురంలో ఐస్‌క్రీమ్ చేసేవాళ్లు ఇద్దరు వెంటనే గుర్తొచ్చేవాళ్లు. వాళ్లకు గుండు పప్పు అక్కర్లేదు, ముక్కే కావాలి.

గుణుపురం లెక్కలు

దాన్ని ఉన్నదున్నట్టు ఫార్వర్డ్ చేసేలా రాయండి. ఇన్వెస్టర్ కూర్చుని మీ గురించి కొత్తగా రాయాల్సిన పని ఉండకూడదు. వాట్సాప్‌లో కాపీ చేసి పంపేస్తే చాలు అన్నట్టుండాలి.

డబ్బు అడిగే సంగతి వేరు. అక్టోబర్, నవంబర్ పిక్కలకు ఎనిమిది, పది లక్షలు కావాలి మీకు. ఎక్కువ పెట్టిన ఇద్దరికి ముందు ఫోన్ చేయండి, వాళ్ల మాట విన్నాకే మెయిల్‌లో పెట్టండి. ఎవరూ ముందుకు రాకుండా తొమ్మిది మందికీ ఒకేసారి అడిగితే ప్రతి ఒక్కరూ పక్కవాడు ఏం చేస్తాడా అని చూస్తారు.

బరంపురం డాక్టరమ్మ

దీనికి నేను ఒప్పుకోను. నేను తక్కువ పెట్టాను కాబట్టి నాకు వారం ఆలస్యంగా తెలియాలా? పెద్దవాళ్లతో మాట్లాడుకుని నాకు మెయిల్‌లో తెలియజేస్తే వచ్చేసారి నేను పెట్టను. అందరికీ ఒకే రోజు చెప్పండి.

గుణుపురం లెక్కలు

మీ బాధ అర్థమైంది డాక్టర్ గారూ. లెక్కలు అందరికీ ఒకే రోజు తెలియాలి, అందులో మీరే కరెక్ట్. డబ్బు అడగడం మాత్రం ముందు మాట్లాడాకే మంచిదని నా అనుభవం.

జయపురం కాఫీ

నేనైతే డాక్టరమ్మ వైపు. మా దగ్గర గొడవ మొదలైంది అక్కడే.

పర్లాకిమిడి జీడిపిక్క

మళ్లీ రాశాను. ఇది చూడండి.

"అందరికీ నమస్కారం. మార్చి, ఏప్రిల్ మెయిళ్లు పెట్టలేదు, తప్పు మాదే. ఆ రెండు నెలల అంకెలు విడిగా జతచేశాం.

మే 31న బ్యాంకులో 19.5 లక్షలు. జూన్ 20న పిక్కల అరువు 5.2 లక్షలు కట్టాలి. ఇప్పటి లెక్కన సెప్టెంబర్ ఆఖరుకి 2.7 లక్షలు మిగులుతాయి, పిక్కలు అయిపోతాయి. కాబట్టి మా చేతిలో ఉన్నది నాలుగు నెలలు. మే అమ్మకాలు వాపసు పోగా 5.9 లక్షలు, ఏప్రిల్‌లో 5.2. నెల నష్టం 4.6 లక్షలు, బ్యాంకులోంచి తగ్గింది, పిక్కల కొనుగోలు కాకుండా, 2.9 లక్షలు.

విశాఖ దుకాణం 90 వేల సరుకు తిప్పి పంపింది. తొందరలో మళ్లీ ఆరబెట్టకుండా ప్యాక్ చేశాం, తేమ 7 శాతం వచ్చింది, 5 దాటకూడదు. తేమ మీటర్ కొంటున్నాం. ఇకపై ప్రతి బ్యాచ్ అంకె డబ్బా మీద రాసి పంపుతాం. దుకాణం వాళ్లు జూలైలో 20 కిలోల శాంపిల్ చూస్తామన్నారు. ఒక కొనుగోలుదారు నుంచి 4.1 లక్షలు 80 రోజులుగా రావాలి. అది పై లెక్కలో కలపలేదు.

జూన్ 30లోగా ఒక సాయం కావాలి. బరంపురం, విశాఖలలో ఐస్‌క్రీమ్, బేకరీ నడిపేవాళ్లు మీకు తెలిస్తే కింది నాలుగు లైన్లు వాళ్లకు పంపండి: పర్లాకిమిడి యూనిట్‌లో ఈ సీజన్ జీడి బద్ద, ముక్క 340 కిలోలు సిద్ధంగా ఉంది. తేమ 5 శాతం లోపు చూసి పంపుతాం. 10 కిలోల డబ్బాలు, శాంపిల్ ఉచితం. ధర కోసం ఈ నంబరుకు ఫోన్ చేయండి.

అక్టోబర్ పిక్కల డబ్బు గురించి ఈ వారం మీ అందరికీ ఒక్కొక్కరికీ నేనే ఫోన్ చేస్తాను."

రాయగడ కుర్రాడు

అన్నా, నాకొక్క భయం. "నాలుగు నెలలు" అని అంత సూటిగా రాస్తే మీ యూనిట్‌లో పనిచేసేవాళ్లకు తెలిసిపోదా? ఊరు చిన్నది. రేపు రజ పండక్కి వెళ్లినవాళ్లు తిరిగి రాకపోతే?

పర్లాకిమిడి జీడిపిక్క

అది నాకూ తెలియడం లేదు తమ్ముడూ. కొట్టే ఆడవాళ్లు పధ్నాలుగు మంది ఉన్నారు. వాళ్లకు ముందు మేమే చెప్పాలా, అక్టోబర్ డబ్బు సంగతి తేలేదాకా ఆగాలా అని ఇద్దరం ఇంకా వాదించుకుంటున్నాం. మా మేనమామకు ఇంగ్లిష్ మెయిల్ చదవడం రాదు, అందుకే తెలుగులో రాశాను. నిన్న రాత్రి ఆయనకు ఫోన్‌లో చదివి వినిపించాను. నాలుగు నెలలు అన్న చోట ఆగమన్నాడు. మళ్లీ చదవమన్నాడు. తర్వాత "బద్ద కిలో ఎంతకిస్తావు?" అని అడిగాడు.

సిరొంచ మిర్చి రైతు

మెయిల్ బాగుంది. ఒక్క మాట. ఆ 160 బస్తాలు నేల మీద పేర్చారా, చెక్క పలకల మీదా? వర్షాలు మొదలైపోతున్నాయి. మా మిర్చి కింది వరస ఒకసారి అలాగే పోయింది.

పర్లాకిమిడి జీడిపిక్క

నేల మీదే ఉన్నాయన్నా. ఇప్పుడే గోడౌన్‌కి వెళ్తున్నాను.